పాస్‌బుక్‌లో 320 గ్రాములున్నాయి, మరి బంగారం ఎక్కడుంది?

వంశీ_సింగపూర్ (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా సింగపూర్‌లో ఉంటున్నాను. ఇక్కడి ఒక బ్యాంకులో గోల్డ్ అకౌంట్ తెరిచి, బోనస్ వచ్చినప్పుడల్లా కాస్త కాస్త కొంటూ వచ్చాను. ఇప్పుడు 320 గ్రాములైంది. మొన్న మా పెదనాన్న ఒంగోలు నుంచి వచ్చారు. గొప్పగా పాస్‌బుక్ చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "అంకె బాగానే ఉందిరా, సరుకేదీ?" అన్నారు. బ్యాంకులో ఉంది పెదనాన్నా అన్నాను. "బ్యాంకులో ఏ గదిలో? ఏ బిళ్ల నీది?" అన్నారు. నోట మాట రాలేదు.

ఆయన పడుకున్నాక అకౌంట్ ఒప్పందం తీసి మొదటిసారి చదివాను. 'అన్‌అలోకేటెడ్' అని నాలుగైదు చోట్ల ఉంది. అలోకేటెడ్ అని ఇంకో రకం ఉందట. అసలు తేడా ఏంటి? బ్యాంకుకి ఏదైనా అయితే నా 320 గ్రాములు ఏమవుతాయి? టెన్షన్ పడాల్సిన విషయమేనా?

పసిడి_పట్టాభి (శనివారం, రాత్రి 10:05)

తమ్ముడూ, రేపే అమ్మేయ్. అన్‌అలోకేటెడ్ అంటే అక్కడ బంగారమే ఉండదు, ఉత్త కాగితం. బాసెల్ 3 అనే అంతర్జాతీయ బ్యాంకు నిబంధనలు వచ్చాక దాన్ని నిషేధించారు కూడా. అలోకేటెడ్ తీసుకో, వంద శాతం సేఫ్. ఇక ఏ రిస్కూ ఉండదు.

లక్ష్మి_తెనాలి (శనివారం, రాత్రి 10:31)

మాకూ ఇదే బాధ బాబూ. మా బ్రాంచిలో లాకర్ కోసం రెండేళ్ల క్రితం అప్లికేషన్ పెట్టాను, ఇంతవరకూ అలాట్ చేయలేదు. అడిగితే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయండి అంటారు. సింగపూర్‌లో కూడా అలాట్‌మెంట్ ఇంత కష్టమా?

వంశీ_సింగపూర్ (శనివారం, రాత్రి 10:44)

లక్ష్మి గారూ, ఇది లాకర్ సంగతి కాదండీ. లాకర్‌లో పెట్టుకోవడానికి నా చేతిలో బంగారమే లేదు. అదే నా సమస్య :)

వాల్ట్_మాస్టారు (ఆదివారం, ఉదయం 6:50)

లండన్‌లో ఒక బులియన్ వాల్ట్‌లో పదకొండేళ్లు పనిచేసి రాజమండ్రి వచ్చేశాను. నాకు తెలిసినంత చెబుతాను. పట్టాభి గారు సగం కరెక్టు.

మీ పెదనాన్నగారిది ఒంగోలు అన్నారు కాబట్టి ఆయనకు మిర్చి లెక్కలో చెప్పండి, చటుక్కున అర్థమవుతుంది. రైతు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో వంద టిక్కీలు, అంటే బస్తాలు, పెడతాడు. లాట్ నంబరు వేస్తారు, బాండు ఇస్తారు, టిక్కీకి ఇంత అని అద్దె తీసుకుంటారు. ఆ సరుకు స్టోరేజీ వాడిది కాదు. వాడు దివాలా తీసినా వాడి అప్పులవాళ్లు ఆ టిక్కీల మీద చెయ్యి వేయడానికి హక్కు లేదు. ఇది అలోకేటెడ్. అదే రైతు సరుకంతా కమీషన్ వ్యాపారికి తోలేసి, "నీకు వంద టిక్కీల సరుకు బాకీ" అని చీటీ రాయించుకున్నాడనుకోండి. వ్యాపారి ఆ సరుకు అమ్ముకోవచ్చు, వేరేవాడికి ఇవ్వొచ్చు. రైతు అడిగిన రోజు వంద టిక్కీలో, వాటి ధరో ఇస్తే చాలు. ఇది అన్‌అలోకేటెడ్. ఇక్కడ రైతుకి మిగిలింది మిర్చి కాదు, బాకీ.

మీ పాస్‌బుక్ ఆ చీటీ లాంటిది. బంగారం ధర పెరిగితే మీకు రావాల్సిన బాకీ విలువ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. మామూలు రోజుల్లో రెండు రకాలకీ తేడా కనిపించదు. బాకీ ఉన్నవాడు పడిపోయిన రోజే కనిపిస్తుంది. కౌంటర్‌పార్టీ రిస్క్ అని అంతలేసి పేరు పెట్టారు గానీ, అప్పిచ్చినవాళ్లు పడే దిగులే అది.

"అక్కడ బంగారమే ఉండదు" అనడం మాత్రం సరి కాదు పట్టాభి గారూ. ఉండొచ్చు, లేకపోవచ్చు. కొంత వాల్ట్‌లో ఉంచుతారు, కొంత నగల తయారీవాళ్లకు అప్పిస్తారు, కొంత ఇంకో బ్యాంకు దగ్గర అన్‌అలోకేటెడ్‌గానే ఉంటుంది. అసలు విషయం, ఉన్నా అందులో ఫలానా ముక్క మీది అని చెప్పలేకపోవడం. ఇక బాసెల్ నిషేధమేమీ లేదు. అలాంటి బంగారాన్ని తన పుస్తకాల్లో పెట్టుకున్న బ్యాంకు దాని విలువలో 85 శాతానికి స్థిరమైన, అంటే చటుక్కున వెనక్కి పోని నిధులు చూపించాలన్నారు, అంతే. బ్రిటన్‌లో 2022 జనవరి నుంచి అమలైంది, అదీ క్లియరింగ్ లావాదేవీలకు సడలింపులతో. ఈ రోజుకీ లండన్‌లో బ్యాంకుల మధ్య చేతులు మారేది చాలావరకు అన్‌అలోకేటెడ్ బంగారమే.

పసిడి_పట్టాభి (ఆదివారం, ఉదయం 8:12)

ఒప్పుకుంటున్నా, బాసెల్ సంగతి ఒక వీడియోలో విన్నదే. కానీ నా పాయింట్ మారలేదు మాస్టారూ. ముక్క చూపించలేనివాడి దగ్గర బంగారం ఎందుకు కొనాలి?

వాల్ట్_మాస్టారు (ఆదివారం, ఉదయం 8:40)

అద్దె లేదు కాబట్టి. 10 గ్రాములు కూడా కొనుక్కోవచ్చు కాబట్టి. ఒక్క క్లిక్‌తో అమ్మొచ్చు కాబట్టి. ముక్క చూపించాలంటే లండన్ పద్ధతిలో ఏం కావాలో చెబుతాను, మీరే చూడండి.

అక్కడి ప్రామాణిక బార్ దాదాపు 400 ట్రాయ్ ఔన్సులు. 350 నుంచి 430 దాకా ఉండొచ్చు. ఏ రెండు బార్లూ సమానంగా ఉండవు, అందుకే ప్రతిదానికీ జాబితాలో ఒక వరస ఉంటుంది: సీరియల్ నంబరు, తయారుచేసిన రిఫైనరీ, మొత్తం బరువు, స్వచ్ఛత, అందులోని మేలిమి బరువు. ఉదాహరణకు మొత్తం బరువు 401.250 ఔన్సులు, స్వచ్ఛత వెయ్యికి 995.8 అనుకుంటే మేలిమి 399.565 ఔన్సులు, అంటే సుమారు 12.43 కిలోలు. మేము తెల్లారితే చేసే పని ఆ జాబితా పట్టుకుని ప్యాలెట్ దగ్గరికి వెళ్లి, టార్చి వేసి, బార్ మీద నంబరూ కాగితం మీద నంబరూ ఒకటేనా అని చూడటం. ఒక్క అంకె తేడా వచ్చినా ఆ ప్యాలెట్ మొత్తం దించాల్సిందే. నడుములు పోయాయి.

వంశీ గారి దగ్గరున్నది 320 గ్రాములు. ఆ లెక్కన ఆయనకు బార్‌లో దాదాపు ముప్పైతొమ్మిదో వంతే వస్తుంది. చిన్న మదుపరులకు అన్‌అలోకేటెడ్ అంటగట్టడానికి సగం కారణం ఇదే.

అడ్వొకేట్_శ్రీలత (ఆదివారం, మధ్యాహ్నం 12:20)

హైదరాబాద్‌లో దివాలా కేసులు చూస్తుంటాను. వంశీ గారు అడిగిన "ఏమవుతుంది" అన్నదానికి కోర్టు తేల్చిన జవాబు ఒకటుంది. న్యూజిలాండ్‌లో గోల్డ్‌కార్ప్ ఎక్స్ఛేంజ్ అనే కంపెనీ కథ. కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఆ కంపెనీ జనానికి బంగారం, వెండి, నాణేలు అమ్మేది. తీసుకెళ్లక్కర్లేదు, మా దగ్గరే ఉంచండి, ఏడు రోజుల ముందు చెబితే ఇచ్చేస్తాం అనేది. కొన్నవాళ్లకు సర్టిఫికెట్ ఇచ్చేది. అందులో 'నాన్ అలోకేటెడ్' అని ఉండేది. జనం దాన్ని పట్టించుకోలేదు, పేరులో 'గోల్డ్' ఉంది, చేతిలో సర్టిఫికెట్ ఉంది. 1988లో కంపెనీ కూలింది. బ్యాంక్ ఆఫ్ న్యూజిలాండ్ తన బాకీ కింద ఆస్తులు స్వాధీనం చేసుకోవడానికి రిసీవర్లను పెట్టింది. ఎందుకంటే కంపెనీ ఆస్తులన్నిటి మీదా ఆ బ్యాంకుకి తాకట్టు హక్కు ఉంది, దాని బాకీ కంపెనీ ఆస్తులన్నిటినీ మించిపోయింది. వాల్ట్‌లో కొంత లోహం ఉంది, కానీ కొన్నవాళ్లందరికీ ఇవ్వాల్సినంత లేదు. ఇక ప్రశ్న ఒక్కటే: ఆ ఉన్న లోహం కొన్నవాళ్లదా, బ్యాంకుదా?

కేసు అప్పట్లో న్యూజిలాండ్‌కి చివరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1994లో లార్డ్ మస్టిల్ తీర్పు ఇచ్చారు. ఏ లోహం ఎవరిదో గుర్తించి పక్కన పెట్టనంతవరకూ దాని మీద యాజమాన్యం మారదు అన్నారు. వెయ్యిమందికి పైగా నాన్ అలోకేటెడ్ కొనుగోలుదారులు డబ్బు మొత్తం కట్టారు. అయినా వాళ్లకు దక్కింది వట్టి ఒప్పందపు హక్కే, అంటే తాకట్టు ఉన్న బ్యాంకు వెనకాల క్యూలో నిలబడటం. బ్యాంకు తీసుకున్నాక క్యూలోవాళ్లకు మిగిలేదేమీ లేదు.

ఇక్కడే ఆసక్తికరమైన భాగం. అదే కంపెనీలో ఇంకో గుంపు ఉంది. వాళ్లు మొదట వాకర్ అండ్ హాల్ అనే వేరే సంస్థ దగ్గర కొన్నవాళ్లు. ఆ సంస్థ కొనుగోలుదారుల లోహాన్ని విడిగా ఉంచేది. 1986లో ఆ వ్యాపారాన్ని గోల్డ్‌కార్ప్ కొనేసి, వాళ్ల లోహాన్ని తన సరుకులో కలిపేసింది. కలిపినా సరే, ఒకప్పుడు అది వాళ్లదే అని తేలింది కాబట్టి కోర్టు వాళ్ల హక్కును గుర్తించింది. అయితే పూర్తిగా కాదు. కలిపిన రోజు నుంచి కూలిన రోజు దాకా కంపెనీ నిల్వ అన్నిటికంటే తక్కువగా ఉన్న రోజు ఎంత ఉందో, అంతవరకే. ఒకే కంపెనీ, ఒకే వాల్ట్, ఒకేలాంటి జనం. ఒకప్పుడు విడిగా పెట్టారా లేదా అన్నదే తేడా.

వంశీ_సింగపూర్ (ఆదివారం, మధ్యాహ్నం 1:05)

శ్రీలత గారూ, చదువుతుంటే కడుపులో తిప్పింది. కానీ మా బ్యాంకు పెద్దది కదా. పైగా ఇక్కడ డిపాజిట్లకు లక్ష డాలర్ల దాకా ఇన్సూరెన్స్ ఉంది. అది దీనికీ వర్తిస్తుందని ధైర్యంగా ఉన్నాను.

అడ్వొకేట్_శ్రీలత (ఆదివారం, మధ్యాహ్నం 1:30)

ఆ ధైర్యం వద్దండీ. సింగపూర్‌లో ఆ రక్షణ సింగపూర్ డాలర్ డిపాజిట్లకు. విదేశీ కరెన్సీ డిపాజిట్లకే వర్తించదు, గ్రాముల్లో ఉన్న బాకీకి ఎలా వర్తిస్తుంది? మన దగ్గరా ఐదు లక్షల ఇన్సూరెన్స్ డబ్బు డిపాజిట్లకే.

బ్యాంకు పెద్దదన్నది మాత్రం నిజంగా లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమే. గోల్డ్‌కార్ప్ బ్యాంకు కాదు, మీద నియంత్రణ లేని వ్యాపారి. మీ బ్యాంకుకి మూలధనం ఉంది, తనిఖీలున్నాయి. కూలే అవకాశం తక్కువ. కూలితే మాత్రం మీ వరస ఏదో ఇప్పుడు మీకు తెలుసు.

వాల్ట్_మాస్టారు (ఆదివారం, మధ్యాహ్నం 2:15)

అంకెల్లో ఒకసారి చూద్దాం, ఇది ఊహించుకున్న వ్యాపారి లెక్క. ఖాతాదారులకు 100 కిలోలు బాకీ. వాల్ట్‌లో 30 కిలోలు ఉన్నాయి. మిగతా ఆస్తులేమీ లేవు. తాకట్టు ఉన్న బ్యాంకుకి 40 కిలోల విలువైన అప్పు.

అందరూ అన్‌అలోకేటెడ్ అయితే ఆ 30 కిలోలూ బ్యాంకుకే పోతాయి, ఖాతాదారులకు సున్నా. తాకట్టు అప్పు అసలు లేకపోతే 100కి 30, అంటే వంశీ గారికి 320 గ్రాములకు 96 గ్రాముల విలువ. అదీ మిగతా అప్పులవాళ్లు ఎవరూ లేకపోతేనే. ఇప్పుడు ఆ 30 కిలోల్లో 10 కిలోలు అలోకేటెడ్ ఖాతాదారులవి, పేరు రాసి పక్కన పెట్టినవి అనుకోండి. ఆ 10 కిలోలు లెక్కలోకే రావు, వాళ్లు రసీదు చూపించి తీసుకెళ్తారు. బ్యాంకూ మిగతావాళ్లూ 20 కిలోల మీద కొట్టుకోవాలి. అంటే పక్కవాడు అలోకేటెడ్‌కి మారిన ప్రతిసారీ అన్‌అలోకేటెడ్ వాడికి మిగిలే కుప్ప తగ్గుతుంది. ఇది ఎవరూ చెప్పరు.

ఇంకోటి. దివాలా మొదలైన రోజున మీ గ్రాములను సాధారణంగా ఆ రోజు ధరకి డబ్బుగా మార్చి రాసుకుంటారు. కేసు నాలుగేళ్లు నడిచి ఈలోగా బంగారం రెట్టింపైనా ఆ పెరుగుదల మీది కాదు. బంగారం కొన్నదే అలాంటి రోజుల కోసమైతే, సరిగ్గా ఆ రోజే అది బంగారం కాకుండా పోతుంది.

గచ్చిబౌలి_కిరణ్ (ఆదివారం, సాయంత్రం 5:48)

మరి మన యాప్‌లలో వంద రూపాయలకు కొనే డిజిటల్ గోల్డ్ ఏ రకం? నేను ప్రతి శుక్రవారం కొంటాను. వాల్ట్‌లో ఉంది, ట్రస్టీ ఉన్నాడు అని యాప్‌లో రాసి ఉంది. మరి అది అలోకేటెడే కదా?

అడ్వొకేట్_శ్రీలత (ఆదివారం, సాయంత్రం 6:30)

రెంటికీ మధ్య రకం. మీరు కొన్నంత లోహం వాల్ట్‌లో పెడతామని, ట్రస్టీ చూస్తాడని మాట ఇస్తారు. మాట నిలబెట్టుకుంటే మీది కమీషన్ వ్యాపారి చీటీ కంటే చాలా మెరుగు. కానీ మీ పేరు మీద నంబరున్న ముక్క ఉండదు, ఒక పెద్ద కుప్పలో వాటా ఉంటుంది. మాట నిలబెట్టుకున్నారా అని చూసే నియంత్రణ సంస్థ కూడా లేదు. 2025 నవంబరులో సెబీ ఇదే విషయం మీద జనాన్ని హెచ్చరిస్తూ, డిజిటల్ గోల్డ్ తన పరిధిలో లేదని, కౌంటర్‌పార్టీ రిస్క్ ఉందని చెప్పింది. స్టాక్ ఎక్స్ఛేంజిలో కొనే గోల్డ్ ఈటీఎఫ్ అయితే సెబీ పరిధిలో ఉంది, లోహాన్ని భద్రపరిచే కస్టోడియన్ ఉంటాడు.

లక్ష్మి_తెనాలి (ఆదివారం, రాత్రి 7:55)

ఇప్పుడు అర్థమైంది నాకు. అయితే మాది కూడా ఇదే! 2019లో ఒక నగల షాపులో పదకొండు నెలల స్కీమ్ కట్టాను, నెలకి ఐదు వేలు. పన్నెండో నెల వాళ్లే వేస్తామన్నారు. తొమ్మిదో నెల కట్టడానికి వెళ్తే షట్టరు దించి ఉంది. కార్డు మీద ప్రతి నెలా గ్రాములు రాసి స్టాంపు వేసి ఇచ్చారు. ఆ కార్డు ఇప్పటికీ బీరువాలో పట్టు చీరల కింద ఉంది. గ్రాములు రాశారు కాబట్టి అది నా బంగారమే అనుకున్నానండీ.

అడ్వొకేట్_శ్రీలత (ఆదివారం, రాత్రి 8:20)

లక్ష్మి గారూ, బాధగా ఉంది. మీరన్నది అక్షరాలా నిజం, అది అన్‌అలోకేటెడే. కార్డు మీద గ్రాములు రాయడం లెక్క కట్టే పద్ధతి మాత్రమే, నగ పక్కన పెట్టినట్టు కాదు. పదకొండు నెలలే ఎందుకో తెలుసా? కంపెనీలు సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సు 365 రోజుల్లో సరుకుగా మారకపోతే అది డిపాజిట్ కిందకి వస్తుంది, డిపాజిట్ నిబంధనలన్నీ మీద పడతాయి. అందుకే ఏడాది లోపల ముగించేస్తారు. ఫిర్యాదు చేశారా?

లక్ష్మి_తెనాలి (ఆదివారం, రాత్రి 8:41)

పోలీసు స్టేషన్లో అందరం కలిసి ఇచ్చాం. మా వారు ఇక ఆ ఊసు ఎత్తొద్దన్నారు.

పసిడి_పట్టాభి (ఆదివారం, రాత్రి 9:10)

చూశారా, నేను చెప్పిందే. అలోకేటెడ్ ఒక్కటే దారి.

వాల్ట్_మాస్టారు (సోమవారం, ఉదయం 6:35)

పట్టాభి గారూ, మీ "వంద శాతం" దగ్గరే నాకు పేచీ. అలోకేటెడ్‌లో దివాలా భయం పోతుంది, వేరే భయాలు మిగులుతాయి. కోల్డ్ స్టోరేజీలు తగలబడలేదా? వాల్ట్ వాడు నిజంగా విడిగా పెట్టాడా, అదే బార్‌ను ఇద్దరికి చూపిస్తున్నాడా అన్నది బయటి ఆడిటర్ వచ్చి లెక్కపెడితేనే తెలుస్తుంది. ఇన్సూరెన్స్ వాల్ట్ పేరు మీదుందా, మీకు వర్తిస్తుందా చూడాలి. వెనెజులా కేంద్ర బ్యాంకు బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఉంది. అక్కడ అన్‌అలోకేటెడ్ అన్న మాటే లేదు. అయినా ఆ దేశపు అసలు ప్రభుత్వం ఏదన్న గొడవలో కోర్టుల చుట్టూ తిరిగారు తప్ప బంగారం బయటికి రాలేదు.

అన్‌అలోకేటెడ్‌లో బ్యాంకు మునగకపోయినా వచ్చే చిక్కు కూడా ఒకటుంది. 2025 జనవరిలో అమెరికా సుంకాలు వేస్తుందేమో అన్న భయంతో లండన్ నుంచి న్యూయార్క్‌కి బంగారం తరలింది. అక్కడి ఎక్స్ఛేంజిలో ఎక్కువగా నడిచేవి కిలో బార్లు, కాబట్టి 400 ఔన్సుల బార్లను స్విట్జర్లాండ్‌లో కరిగించి మళ్లీ పోయాల్సి వచ్చింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నుంచి బార్లు తీసుకోవడానికి వారాల తరబడి క్యూ. బార్ చేతిలో ఉన్నవాడు లారీ కోసం చూశాడు. బాకీ చీటీ ఉన్నవాడు ముందు బార్ కోసం చూశాడు, ఆ తర్వాత లారీ కోసం.

గచ్చిబౌలి_కిరణ్ (సోమవారం, ఉదయం 9:20)

మరి మన ఆర్‌బీఐ బంగారం ఏ రకం సార్?

వాల్ట్_మాస్టారు (సోమవారం, ఉదయం 10:02)

మంచి ప్రశ్న. 2024 సెప్టెంబరు చివరి లెక్కలో మొత్తం 854.73 టన్నులు. అందులో 510.46 దేశంలోనే. 324.01 బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్‌ల భద్రతలో. మిగిలిన 20.26 టన్నులు 'గోల్డ్ డిపాజిట్లు' అని విడిగా చూపించారు. ఆ చివరి వరస వంశీ గారి పాస్‌బుక్‌కి దగ్గరి చుట్టం. ఇచ్చిన లోహానికి బదులు తిరిగి ఇస్తామన్న మాట. అంటే ఆర్‌బీఐ కూడా ఆ రకాన్ని పూర్తిగా వద్దనుకోలేదు, కాకపోతే వందకి రెండు మూడు వంతులకే పరిమితం చేసింది.

పసిడి_పట్టాభి (సోమవారం, ఉదయం 10:30)

ఆర్‌బీఐ అవతలివాడి బలం చూసి ఇస్తుంది మాస్టారూ. మనకి ఆ అవకాశం ఎక్కడిది? ఆ పోలిక నేను ఒప్పుకోను.

వంశీ_సింగపూర్ (గురువారం, రాత్రి 11:15)

అప్‌డేట్. శ్రీలత గారు మెసేజ్‌లో చెప్పినట్టు ఒప్పందంలో మూడు విషయాలు వెతికాను. ఒకటి, బ్యాంకు లోహాన్ని వాడుకోవచ్చా: వాడుకోవచ్చు అని స్పష్టంగానే ఉంది. రెండు, నేను యజమానినా, ఉత్త అప్పిచ్చినవాణ్నా: "కస్టమర్‌కు ఏ నిర్దిష్ట లోహం మీదా హక్కు లేదు" అని ఉంది. ఆరేళ్ల క్రితం దాని కిందే సంతకం పెట్టాను. మూడు, లోహంగా ఇమ్మంటే ఇస్తారా: ఇది రాసి లేదు, అందుకని బ్యాంకుకి మెయిల్ పెట్టాను.

ఈ రోజు జవాబు వచ్చింది. ఈ అకౌంట్ నుంచి నేరుగా లోహం ఇవ్వరట. వాళ్ల ధరకి గ్రాములు అమ్మేసి, ఆ డబ్బుతో కౌంటర్లో బార్లు కొనుక్కోవాలి. అమ్మేటప్పుడు ఒక తేడా, కొనేటప్పుడు బార్ మీద ప్రీమియం, ఆ తర్వాత భద్రపరచడానికి ఏటా అద్దె. లెక్క వేస్తే 320 గ్రాముల్లో తొమ్మిది పది గ్రాములు దారిలోనే పోతున్నాయి.

200 గ్రాములు బార్లుగా మార్చి, మిగతా 120 ఇలాగే ఉంచుదామనుకుంటున్నాను. భార్య మాత్రం ఆ పది గ్రాములకు గాజు వస్తుంది, అనవసరంగా పోగొట్టకు అంటోంది.

వాల్ట్_మాస్టారు (శుక్రవారం, ఉదయం 6:45)

ఆ తొమ్మిది పది గ్రాములు బ్యాంకు కూలే భయానికి మీరు కట్టే ప్రీమియం అనుకోండి, ఎక్కువో తక్కువో అప్పుడు తేల్చుకోవచ్చు. నా మట్టుకు నేను ఆ బ్యాంకుని ఇరవై ఏళ్లు నమ్మగలననుకుంటే కదిలించను. బార్లు కొంటే మాత్రం సీరియల్ నంబరు రసీదు మీద రాయించుకోండి, కౌంటర్లోనే సరిచూసుకోండి. టార్చి తీసుకెళ్లండి.

పసిడి_పట్టాభి (శుక్రవారం, ఉదయం 7:30)

మొత్తం 320 మార్చెయ్ తమ్ముడూ.

లక్ష్మి_తెనాలి (శుక్రవారం, ఉదయం 8:05)

వంశీ బాబూ, బార్లు ఇంటికి తెస్తే పెట్టడానికి లాకర్ ఉందా మరి?